డిస్ట్రిబ్యూటర్‌షిప్ వదులుకునే ఈమెయిల్: తేదీలు, స్టాకు, షాపుల బాకీలు

ప్రశ్న: మాది ఖమ్మం. ఆరేళ్లుగా ఒక చిరుతిళ్ల కంపెనీకి డిస్ట్రిబ్యూటర్‌గా ఉన్నాను. మార్జిన్ గిట్టుబాటు కాక మానేద్దామనుకుంటున్నాను. అగ్రిమెంటులో 60 రోజుల నోటీసు, కంపెనీ స్టాకు వెనక్కి కొనడం, షాపుల ఖాతాలు అప్పగించడం అని ఉన్నాయి. స్టాకు 7.80 లక్షలు, షాపుల నుంచి రావలసింది 5.40 లక్షలు, కంపెనీ దగ్గర డిపాజిట్ 2 లక్షలు, బ్యాంకులో క్యాష్ క్రెడిట్, అంటే సీసీ అప్పు వాడకం 6 లక్షలు. బిల్లింగు, స్కీము క్లెయిములు, షాపుల లెడ్జర్లు కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాయి. అగ్రిమెంటు కాపీ, స్టాకు నివేదిక జత చేశాను. నోటీసు ఈమెయిల్‌లో ఇస్తే చెల్లుతుందా? అందులో ఏం రాయాలి?

జవాబు: నమస్కారమండీ. ఈమెయిల్ నోటీసు చెల్లుతుంది, కానీ ఏ చిరునామాకు పంపారన్నది ముఖ్యం. సమాచార సాంకేతిక చట్టం, 2000 ప్రకారం ఈమెయిల్ కూడా రాతపూర్వకమైనదే. అదే చట్టంలోని 13వ సెక్షన్ ప్రకారం, సందేశాలు అందుకోవడానికి ఎదుటివారు ఒక ఈమెయిల్ చిరునామాను నిర్దేశించి ఉంటే, అందులోకి చేరిన క్షణమే అది అందినట్టు లెక్క. వేరే చిరునామాకు పంపితే మాత్రం వారు దాన్ని తెరిచి తీసుకున్నప్పుడే అందినట్టు లెక్క. మీ అగ్రిమెంటులో నోటీసుల కోసం కంపెనీ ఒక చిరునామా ఇచ్చింది. అందువల్ల ఏరియా సేల్స్ ఆఫీసరుకు పంపి ఊరుకుంటే 60 రోజులు ఎప్పుడు మొదలయ్యాయన్నదే వివాదమవుతుంది. నిర్దేశించిన చిరునామాకే పంపి, ఆఫీసరుకు, డిపో మేనేజరుకు కాపీ పెట్టండి. మీ అగ్రిమెంటు రిజిస్టర్డ్ పోస్టును కూడా ప్రస్తావించింది కనుక, అదే రోజు సంతకం చేసిన ప్రతిని కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసుకు పంపి రసీదు దాచండి. ఇప్పుడు రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి కౌంటరులో రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టు కావాలని చెప్పి పంపించండి.

ఈమెయిల్ పంపే ముందు చేయవలసిన పని ఒకటుంది. మీ బిల్లింగు, స్కీము క్లెయిములు, షాపుల లెడ్జర్లు కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాయని రాశారు. నోటీసు అందిన తర్వాత లాగిన్ ఎప్పుడైనా ఆగిపోవచ్చు. అందుకని కంపెనీతో మీ ఖాతా లెడ్జరు, ఇంకా తేలని క్లెయిముల జాబితా, ప్రతి షాపు బాకీ, బ్యాచి నంబర్లతో స్టాకు నివేదిక ముందే దించుకుని మీ దగ్గర పెట్టుకోండి. రేపు డబ్బు రాబట్టుకోవడానికి మీకు ఆధారాలు ఈ కాగితాలే.

ఇక తేదీల సంగతి. 2026 మార్చి 2, సోమవారం నోటీసు అందిందనుకుందాం. అందిన రోజును వదిలి లెక్కపెడితే అరవయ్యో రోజు మే 1 అవుతుంది, అది సెలవు. ఒకటి రెండు రోజుల తేడాతో నోటీసు చాలలేదని అనిపించుకోవడం ఎందుకు? ఈమెయిల్‌లో అగ్రిమెంటు ముగిసే తేదీని మే 4, సోమవారం అని స్పష్టంగా రాయండి. ‘60 రోజుల తర్వాత’ అని వదిలేస్తే స్టాకు కొనుగోలుకు, డిపాజిట్ వాపసుకు ఇచ్చిన గడువులన్నీ ఆ తేలని తేదీ మీదే ఆధారపడతాయి.

మీకు ఎక్కువ నష్టం వచ్చే అవకాశం స్టాకులో ఉంది. మీ అగ్రిమెంటు ప్రకారం కంపెనీ వెనక్కి కొనేది అన్ని సరుకులనూ కాదు. పెట్టె చెడకుండా, సగానికి పైగా గడువు మిగిలిన సరుకును మాత్రమే, అదీ స్కీములు తీసేసిన బిల్లు ధరకు, ముగింపు తేదీ నాటి లెక్క ప్రకారం. ఈ చివరి మాటను చాలామంది గమనించరు. మీరు పంపిన నివేదికను నేను మూడు భాగాలుగా విడదీశాను. 4.60 లక్షల సరుకు వేగంగా కదిలేది, దాని గురించి బెంగ అక్కర్లేదు. 1.10 లక్షల సరుకుకు ఇప్పటికే సగం గడువు దాటింది. మిగిలిన 2.10 లక్షలు నిదానంగా కదిలే రకాలు, వాటిలో 1.30 లక్షల సరుకు జనవరి మొదట్లో తయారైంది. దాని గడువు ఆరు నెలలు. మార్చి 2న నాలుగు నెలలు మిగిలి ఉంటుంది కనుక షరతుకు సరిపోతుంది. మే 4న మిగిలేది రెండు నెలలే. ఇవాళ కంపెనీ తీసుకోవలసిన సరుకే నోటీసు కాలం గడిచేసరికి తీసుకోనక్కర్లేని సరుకైపోతుంది. అంటే మీరు ఏమీ చేయకుండా కూర్చుంటే 1.10, 1.30 కలిపి 2.40 లక్షల సరుకు మీ గోడౌనులోనే మిగిలిపోయే ప్రమాదముంది.

దీనికి మార్గం నోటీసులోనే, పది రోజుల్లోపు ఉమ్మడిగా స్టాకు లెక్కించాలని, నిదానపు రకాలను ఆ లెక్క ప్రకారం ముందే తీసుకెళ్లాలని కోరడం. కంపెనీ ఇందుకు కట్టుబడి లేదు, అది మీరు తెలుసుకోవాలి. కానీ నాలుగు నెలల గడువున్న సరుకును పక్క పట్టణంలోని డిస్ట్రిబ్యూటరుకు మళ్లించడం డిపోకు తేలిక, రెండు నెలలదాన్ని ఎవరూ తీసుకోరు. అందుకే ఇప్పుడు అడిగితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. ఆ 1.10 లక్షల సరుకు కోసం మాత్రం కంపెనీతో వాదించి రోజులు పోగొట్టుకోవద్దు. కొన్న ధరకు 15 శాతం తగ్గించి అమ్మినా పోయేది 16,500 రూపాయలు. గడువు తీరి పారేస్తే సరుకు పోవడంతో పాటు దాని మీద తీసుకున్న జీఎస్టీ క్రెడిట్‌ను కూడా వెనక్కి కట్టాలి. నోటీసు ఇచ్చిన రోజు నుంచి నిదానపు రకాలకు ఆర్డరు పెట్టకండి, టార్గెట్ పేరుతో నెలాఖరున సరుకు పంపుతామంటే రాతపూర్వకంగా వద్దనండి.

సరుకు వెనక్కి పంపేటప్పుడు కాగితం లేకుండా బండి ఎక్కించకండి. మీరే కంపెనీకి జీఎస్టీ బిల్లు వేయవచ్చు, లేదా కంపెనీ క్రెడిట్ నోటు ఇస్తే మీరు ఆ మేరకు క్రెడిట్ వెనక్కి ఇవ్వవచ్చు. రెండూ కలగాపులగం కాకుండా ఏ పద్ధతో ముందే ఈమెయిల్‌లో తేల్చుకోండి. విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు ఉండాలి.

షాపుల ఖాతాల అప్పగింత గురించి మీ అగ్రిమెంటు చెప్పేది షాపుల పేర్లు, చిరునామాలు, బీట్ల వివరాలు చివరి 15 రోజుల్లో ఇవ్వాలని మాత్రమే. ఆ షాపుల బాకీ 5.40 లక్షలు మీ సొంత డబ్బు, అది అప్పగింతలోకి రాదు. ‘కొత్త డిస్ట్రిబ్యూటరు వసూలు చేసి ఇస్తాడు’ అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. తన కొత్త సరుకు డబ్బు వదిలి మీ పాత బాకీ అడిగే తీరిక అతని సేల్స్‌మన్‌కు ఉండదు. డిస్ట్రిబ్యూటరు మారుతున్నాడని బజారులో తెలియగానే పాత బాకీ చెల్లింపు మందగిస్తుంది. కాబట్టి మార్చి నెలంతా వసూళ్ల మీద పెట్టి, ఏప్రిల్ రెండో వారం నుంచి రొక్కానికే సరుకు ఇవ్వండి. షాపులకు మీరు ఇవ్వవలసిన స్కీము, డ్యామేజీ డబ్బును ముందుగా సర్దేయండి, లేకపోతే బాకీ కట్టకపోవడానికి అదే సాకు అవుతుంది. మిగిలిన బాకీకి ప్రతి షాపు దగ్గరా తేదీ వేసి సంతకం చేయించిన బాకీ ధ్రువీకరణ తీసుకోండి. అమ్మిన సరుకు డబ్బు కోసం దావా వేసే గడువు సాధారణంగా మూడేళ్లు. ఆ గడువు తీరకముందు సంతకం తీసుకుంటే లెక్క ఆ తేదీ నుంచి మళ్లీ మొదలవుతుంది.

కంపెనీకి వెళ్లే ఈమెయిల్‌ను ఇంగ్లీషులో పంపుతారు కనుక, అందులో ఉండవలసిన విషయాన్ని తెలుగులో రాసిస్తున్నాను:

“మన మధ్య ఉన్న డిస్ట్రిబ్యూటర్ అగ్రిమెంటులోని నోటీసు క్లాజు ప్రకారం అగ్రిమెంటును ముగించదలచి ఈ నోటీసు ఇస్తున్నాను. అగ్రిమెంటు 2026 మే 4న పని ముగిసే సమయానికి రద్దవుతుంది. అప్పటిదాకా సరఫరా, బిల్లింగు మామూలుగానే సాగుతాయి; ఆర్డరు నేను పెట్టినంత వరకే పంపగలరు. బ్యాచి వారీ స్టాకు జాబితా జత చేశాను. మార్చి 12 లోపు ఉమ్మడి లెక్కకు మీ ప్రతినిధిని పంపి, నిదానంగా కదిలే రకాలను ఆ లెక్క ప్రకారం తీసుకోవాలని, మిగతాది స్టాకు క్లాజు ప్రకారం ముగింపు తేదీ నుంచి 30 రోజుల్లో కొనాలని కోరుతున్నాను. షాపుల వివరాలు ఏప్రిల్ 20 నుంచి మే 4 లోపు రసీదు మీద అప్పగిస్తాను. ఆ తేదీ వరకు షాపుల నుంచి రావలసిన బాకీ నాదే. తేలని క్లెయిముల జాబితా జత చేశాను. డిపాజిట్ 2 లక్షలు, మీ దగ్గరున్న నా సెక్యూరిటీ చెక్కులు అగ్రిమెంటు గడువులోగా వాపసు చేయగలరు. చెక్కుల నంబర్లు కింద ఉన్నాయి. ఈ నోటీసు అందినట్టు తెలియజేయగలరు.”

మార్జిన్ చాలలేదని, సేల్స్ ఆఫీసరు మాట నిలబెట్టుకోలేదని ఇందులో రాయకండి. మీ క్లాజుకు కారణం అక్కర్లేదు, రాసిన ప్రతి కారణానికీ ఒక ఎదురు జవాబు పుడుతుంది. చెక్కుల నంబర్లు మాత్రం తప్పక రాయండి. లెక్క తేలకముందే ఖాళీ చెక్కును నింపి బ్యాంకులో వేస్తే, అది తిరిగొచ్చినప్పుడు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 138వ సెక్షన్ కింద కేసు మీ మీదికి వస్తుంది. కంపెనీకి బాకీ లేదని చూపడానికి ఆ రోజు మీకు ఈ ఈమెయిల్, లెడ్జరు పనికొస్తాయి. క్లెయిములు రాలేదన్న కోపంతో కంపెనీ బిల్లులు ఆపడం కూడా మంచిది కాదు. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో డబ్బు కట్టకపోతే ఆ బిల్లు మీద తీసుకున్న జీఎస్టీ క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి ఇవ్వాలి, చెల్లించిన తర్వాతే మళ్లీ తీసుకోగలరు.

ఇప్పుడు బ్యాంకు. సీసీ పరిమితి మీ స్టాకు, బాకీల మీద నిలబడి ఉంటుంది. స్టాకు 7.80 లక్షలు, బాకీలు 5.40 లక్షలు కలిపి 13.20 లక్షల్లో నాలుగో వంతు బ్యాంకు మార్జిన్‌గా తీసి, కంపెనీకి మీరు ఇవ్వవలసింది లేదనుకుంటే, ఇవాళ వాడుకోగలిగింది 9.90 లక్షలు. మే మొదటి వారానికి స్టాకు ఖాళీ అయి 2 లక్షల బాకీ మిగిలితే అది 1.50 లక్షలకు పడిపోతుంది, 90 రోజులు దాటిన బాకీలను బ్యాంకు సాధారణంగా లెక్కలోకే తీసుకోదు. కాబట్టి అప్పటికి 4.50 లక్షలు తిరిగి సీసీ ఖాతాలో పడి ఉండాలి. రెండు నెలల్లో సరుకు అమ్మగా వచ్చిన డబ్బును కొత్త వ్యాపారానికో, ప్లాటు అడ్వాన్సుకో మళ్లించకుండా మొదట అక్కడికే పంపండి. వెనక్కి కొన్న సరుకు డబ్బు, డిపాజిట్ ఆలస్యమైనా తట్టుకోగలిగేలా వాటిని ఈ లెక్కలో కలపలేదు.

చివరగా కంపెనీ ఒక ‘పూర్తి పరిష్కార’ పత్రం పంపి సంతకం అడుగుతుంది. ఇక ఏ బాకీ లేదని, మరో కంపెనీ సరుకు కొంతకాలం అమ్మనని అందులో ఉండవచ్చు. రెండో షరతు కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ కింద సాధారణంగా చెల్లదు, అయినా దాన్ని కొట్టేయించండి. మొదటి దాని మీద మాత్రం స్టాకు డబ్బు, క్లెయిములు, డిపాజిట్ మీ ఖాతాలో పడి, చెక్కులు చేతికి వచ్చాకే సంతకం చేయండి. ముందే అడిగితే అందిన మొత్తానికి మాత్రమే రసీదు ఇవ్వండి.