కాలి గోరు సలుపుతుంటే ముందు ఏం చూడాలి

రవీ,

బొటనవేలికి గోరుచుట్టు లేచిందనీ, యాంటీబయాటిక్ వాడితే తగ్గి, ఆపగానే మళ్లీ సలుపుతోందనీ రాశావు. ఇన్నేళ్లు నర్సుగా కట్లు కట్టిన అనుభవంతో చెప్తున్నా, అలా తిరగబెట్టిందంటే నా అనుమానం గోరు మీదే.

చేతి వేలికైతే చాలావరకు గోరుచుట్టే. గోళ్లు కొరికినా, గోరు పక్కన లేచిన తోలు పీకినా చిన్న గాటు పడి, క్రిములు లోపలికి పోతాయి. కాలి బొటనవేలి సంగతి వేరు. గోటి మూలల్ని గుండ్రంగా, లోపలికంటా కత్తిరిస్తే కొసన ముల్లులాంటి ముక్క మిగిలిపోతుంది. గోరు పెరిగే కొద్దీ అది ముందుకు జరిగి పక్క కండలో దిగుతుంది. ఆ పుండులో చీము పడితే పైకి అచ్చం గోరుచుట్టులాగే ఉంటుంది. మాత్రలు చీమును తగ్గిస్తాయి గానీ ముల్లును తీయవు కదా!

మంచి వెలుతురులో కూర్చుని, పక్క కండను మెల్లగా పక్కకు లాగి చూడు. గోటి అంచు కండలోకి పోయి మాయమవుతోందా? ముందు మూలన ఒక్కచోట నొక్కితే ప్రాణం విలవిల్లాడుతోందా? అయితే గోరు దిగినట్టే. అంచు చక్కగా బయటికి కనిపిస్తూ, దాని పక్కనో మొదట్లోనో చర్మం ఎర్రగా, నున్నగా ఉబ్బి ఉంటే గోరుచుట్టు.

చీము లేకపోతే రోజుకు మూడు నాలుగు సార్లు, పావుగంట చొప్పున గోరువెచ్చని నీళ్లలో పాదం పెట్టు. తర్వాత బాగా తుడిచి ఆరనివ్వు. నానిన గోరు మెత్తబడ్డాక మూల కింద సన్నటి దూది పోగు దూర్చు, రోజూ మార్చు. గోరు కండ మీదుగా పెరిగేదాకా ఓపిక పట్టాలి, అది వారాల పని. ఈలోగా బిగుతు బూట్లు వేశావా, గోరుచుట్టు మీద రోకటిపోటే. నొప్పి పుట్టిన మూలను ఇంకా లోతుకు కత్తిరించకు. ఆ రోజుకు హాయిగా ఉంటుంది, నెల తిరిగేసరికి ఇంకో ముల్లు తయారవుతుంది. గోరు అడ్డంగా, తిన్నగా కత్తిరించు.

గుండె కొట్టుకున్నట్టు సలుపుతూ, చర్మం కింద తెల్లగానో పసుపుగానో కనిపిస్తే లోపల చీము చేరినట్టే. దాన్ని డాక్టరే తీయాలి, సూదితో నువ్వు పొడవకు. ఒక్కోసారి చిన్న చిన్న నీటి పొక్కులు గుంపుగా వస్తాయి. అది వైరస్ పని, దాన్ని కోయనే కూడదు.

నీలా తిరగబెట్టే వాళ్లకు వేలికి మత్తిచ్చి, గోటి పక్క అంచు సన్నగా తీసేసి, గోటి మొదట్లో ఫినాల్ అనే మందు అద్దుతారు. ఆ అంచు మళ్లీ పెరగడం అరుదు. డాక్టరు దగ్గర ఈ మాట నువ్వే ఎత్తు.

మీ నాన్నకు షుగరుంది కదా, ఆయనకు ఇలా వస్తే ఇంటి వైద్యమే వద్దు, మొదటి రోజే చూపించాలి. ఎరుపు పాదం మీదికి పాకినా, జ్వరం వచ్చినా నువ్వూ ఆగకు.

పెద్దమ్మ