బదిలీ అయినా వెంట వచ్చే పని: షాపుల జీఎస్‌టీ లెక్కలు

ప్రశ్న: మావారు బ్యాంకులో ఆఫీసర్. ఇప్పటికి నాలుగు ఊళ్లు మారాం. ఇప్పుడు మిర్యాలగూడలో ఉన్నాం. వచ్చే ఏడాది మళ్లీ బదిలీ, ఈసారి వేరే రాష్ట్రం కావొచ్చు. నేను బీకాం చదివి ట్యాలీ నేర్చుకున్నాను. బ్లౌజులు కుట్టాను, పచ్చళ్లు అమ్మాను. ఊరు మారగానే అన్నీ మళ్లీ మొదటికి వచ్చాయి. ఎక్కడికెళ్లినా నడిచే వ్యాపారం ఏదైనా ఉందా మేడమ్?

జవాబు: పచ్చళ్లు ఆగిపోవడంలో మీ తప్పేం లేదమ్మా. తినే సరుకు అమ్మాలంటే తీసుకునే ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ తయారుచేసే చోటుకు ముడిపడి ఉంటుంది. గద్వాల, నారాయణపేట చీరలు తెప్పించి అమ్మవచ్చు కానీ, సరుకును రాష్ట్రం దాటించి అమ్మితే చాలావాటికి మొదటి అమ్మకం నుంచే జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ కావాలి. అది కూడా రాష్ట్రానికొకటి. సేవలు అలా కాదు. మీ ఏడాది రాబడి 20 లక్షలు దాటనంతవరకు, వేరే రాష్ట్రంలో కూర్చుని మిర్యాలగూడ షాపుకు పనిచేసినా చాలా రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మీ చదువుకు సరిపడే సేవ ఒకటుంది: చిన్న షాపుల లెక్కలు రాసి జీఎస్‌టీ రిటర్నులు సిద్ధం చేయడం.

పని ఎలా ఉంటుందో ఒక ఎరువుల షాపును తీసుకుని చూద్దాం. నెలనెలా రిటర్నులు వేసే షాపు అనుకోండి. గడిచిన నెల బిల్లులన్నీ 5వ తేదీకల్లా మీ చేతికి రావాలి. వాటిని ట్యాలీలో ఎక్కించి, అమ్మకాల వివరాలతో జీఎస్‌టీఆర్-1ను 11లోపు వేయాలి. 14న పోర్టల్‌లో 2బీ వస్తుంది. మన షాపుకు సరుకు అమ్మినవాళ్లు చూపించిన బిల్లులన్నీ అందులో ఉంటాయి. దాన్ని మన కొనుగోళ్ల పుస్తకంతో ఒక్కో బిల్లు పోల్చి, 20లోపు పన్ను లెక్క తేల్చే 3బీ రిటర్ను వేసి పన్ను కట్టించాలి. ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల లేట్ ఫీజు, కట్టాల్సిన పన్నుపై ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ పడతాయి.

పొరపాట్లు ఎక్కువగా ఆ 14వ తేదీ పోలికలోనే బయటపడతాయి. డీలర్ బిల్లు ఇచ్చి పోర్టల్‌లో చూపించకపోతే ఆ కొనుగోలుపై కట్టిన పన్నును మన పన్నులో తగ్గించుకునే క్రెడిట్ షాపుకు రాదు. అప్పుడు డీలర్‌కు ఫోన్ చేసి అడగాలి. రెండోది రాష్ట్రం కోడ్. జీఎస్‌టీ నంబర్ 36తో మొదలైతే తెలంగాణ, 37 అయితే ఆంధ్రప్రదేశ్. మిర్యాలగూడ షాపులకు విజయవాడ, గుంటూరు వైపు నుంచి కూడా సరుకు వస్తుంది కదా, ఆ బిల్లులో రాష్ట్రాల మధ్య అమ్మకాలకు వేసే ఐజీఎస్‌టీ ఉండాలి. దాన్ని రాష్ట్రంలోపలి అమ్మకాలకు వేసే సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీగా ఎక్కిస్తే లెక్క కుదరదు. వాట్సాప్‌లో ఫొటో పంపేటప్పుడు ఈ నంబరున్న పైభాగమే చాలామంది కట్ చేసేస్తారు. కాబట్టి బిల్లు నాలుగు మూలలూ కనిపించేలా తీయమని మొదటి రోజే చెప్పండి.

మీ అసలు బెంగ బదిలీ కదా. షాపతను మీకు అలవాటుపడితే సరిపోదు, ఫోన్‌లో బిల్లులు పంపడానికి అలవాటుపడాలి. మీరు ప్రతినెలా షాపుకెళ్లి కవరు తెచ్చుకుంటుంటే, మీరు ఊరు విడిచిన నెలలోనే ఆయన ఇంకొకరిని చూసుకుంటాడు. అందుకే మిర్యాలగూడలో ఉండగానే మూడు, నాలుగు షాపులతో మొదలుపెట్టి, మూడో నెల నుంచి షాపుకు వెళ్లడం మానేయండి. ఒరిజినల్ బిల్లుల ఫైలు ఆయన దగ్గరే ఉంచి, ఫొటోలు, ఫోన్‌కు వచ్చే ఓటీపీ మాత్రం పంపమనండి. మీరు గుర్తుచేయకుండానే వరుసగా రెండు నెలలు 5లోపు బిల్లులు పంపిన షాపు మీరెక్కడున్నా మీదే. పదిసార్లు ఫోన్ చేస్తేగానీ పంపనివాణ్ని బదిలీకి ముందే వదిలేయడం నయం. లేదంటే అతని లేట్ ఫీజు గొడవ మీ మీదికొస్తుంది.

నెలకు షాపుకు 1,500 అనుకుంటే ఎనిమిది షాపులకు 12,000. ఒక్కరే చేసుకునేటప్పుడు మొదటి ఏడాది అంతకుమించి తీసుకోవద్దని నా సలహా. ఎందుకంటే అందరి గడువూ ఒకే వారంలో వస్తుంది. సామాన్లు కట్టే పని 20 తర్వాత, నెలాఖరులోపు పెట్టుకోండి. లాప్‌టాప్‌ను లారీలో వేయకుండా మీ వెంటే తీసుకెళ్లండి. ట్యాలీ బ్యాకప్ ఇంకోచోట కూడా ఉంచండి.

ఒక హద్దు మాత్రం దాటొద్దు. మీవారి బ్రాంచ్‌లో లోన్ ఉన్న షాపుల పని తీసుకోకండి, రేపు ఆయన ఉద్యోగానికి చిక్కు వస్తుంది. ఆడిట్, సర్టిఫికెట్ల పని సీఏదే. అలాంటిది అడిగితే మీరు సంతకం పెట్టకుండా సీఏ దగ్గరికి పంపండి.

పని చేతికి పట్టాక జీఎస్‌టీ ప్రాక్టీషనర్‌గా నమోదుకు పీసీటీ-01 ఫారం వేయండి. బీకాం అర్హత సరిపోతుంది, ఒక పరీక్ష పాసవ్వాలి. ఒక రాష్ట్రంలో నమోదైతే మిగతా రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది కాబట్టి, ఈ పరీక్షకు చదవడం మిర్యాలగూడలో ఉండగానే మొదలుపెట్టండి.