కోడ్ తెర మీదికి ఎప్పుడు రావాలి, టోకెన్ ఎప్పుడు రాకూడదు

ప్రశ్న: పైథాన్‌తో టెలిగ్రామ్ బాట్ తయారు చేయడం నేర్పే మూడు గంటల వీడియో తెలుగులో తీద్దామనుకుంటున్నాను. చాప్టర్ల వారీగా స్క్రిప్ట్ రాసుకున్నాను. ఏ నిమిషానికి ఏ కోడ్ కనిపించాలో కూడా పక్కన వేసుకున్నాను. తీరా రికార్డింగ్‌కు కూర్చుంటే రెండో చాప్టర్‌కే లెక్క తప్పుతోంది. స్క్రిప్ట్ ఎలా రాస్తే కుదురుతుంది?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: స్క్రిప్ట్‌లో నిమిషాలు, సెకన్లు వేసుకోవడమే మీ ఇబ్బందికి మూలం. రికార్డింగ్‌కు ముందు రాసే సమయం ఊహ మాత్రమే. ఒకచోట గొంతు సవరించుకున్నా, ఇంకోచోట `pip install` అనుకున్నదానికన్నా ఎక్కువసేపు నడిచినా, ఆ తరువాతి సూచనలన్నీ వరసగా జరిగిపోతాయి. కోడ్ కనిపించే క్షణాన్ని గడియారానికి కాకుండా మీరు పలికే మాటకు కట్టండి. ఏ మాట పూర్తయ్యాక కోడ్ రావాలో ఆ మాట పక్కన ఒక గుర్తు పెట్టుకుంటే, మీరు నెమ్మదిగా చదివినా వేగంగా చదివినా ఆ గుర్తు తన చోటు తప్పదు. నిమిషాల లెక్క ఎడిటింగ్ అంతా ముగిశాక, వివరణలో చాప్టర్ల సమయాలు రాసేటప్పుడు మాత్రమే కావాలి. యూట్యూబ్ కోరేదల్లా మొదటి సమయం 0:00 కావడం, కనీసం మూడు సమయాలు వరసక్రమంలో ఉండడం, ప్రతి చాప్టరూ పది సెకన్లకు తగ్గకపోవడం.

గుర్తు ఏ మాట మీద పెట్టాలన్నది ఇక్కడ అసలు చిక్కు. తెలుగు వాక్యంలో విషయం తేలేది చివరి క్రియ దగ్గర. “టోకెన్ దొరకకపోతే ప్రోగ్రామ్ అక్కడే ఆగిపోవాలి” అన్న వాక్యంలో “ఆగిపోవాలి” అనేదాకా వినేవాడికి సంగతి అందదు. వాక్యం మొదట్లోనే కోడ్ కనిపిస్తే కన్ను దాన్ని చదవడంలో పడిపోతుంది, చెవి ఆ క్రియను జారవిడుస్తుంది. ఇంగ్లీషు ట్యుటోరియల్ చూసి సూచనలు అలాగే దించుకున్న వీడియోల్లో ఈ తడబాటు తరచుగా కనిపిస్తుంది. అందువల్ల ముందు ఎందుకో చెప్పి వాక్యం ముగించండి, ఆ తరువాత కోడ్ చూపండి, చూపాక మాట్లాడకుండా ఆగండి. లైనుకు రెండు, మూడు సెకన్ల మౌనం నాకు సరిపోయినట్టు అనిపిస్తుంది. రికార్డ్ చేసేవారికి అది యుగంలా తోస్తుంది కానీ, మొదటిసారి ఆ లైన్ చూసేవారికి అది చదువుకునే సమయం. అందరికీ తెలిసిన `import` లైన్లను మీరు ఒక్కో అక్షరం టైపు చేసి చూపనక్కరలేదు, వాటిని ఒక్కసారిగా ప్రత్యక్షం చేయవచ్చు. కొత్త భావం ఉన్న లైన్‌ను మాత్రం టైపు చేస్తూ చూపితేనే దానికి బరువు వస్తుంది.

ప్రతి సూచనలోనూ మాటతో పాటు తెర మీద ఏ విండో ఉండాలి, కర్సర్ ఎక్కడ ఉండాలి, ఏ విండో కనిపించకూడదు అన్నవి రాయాలి. ఈ మూడో సంగతిని దాదాపు ఎవరూ రాయరు. ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో మైకు గురించి, కెమెరా గురించి, వెనకాల వెలిగే రంగు దీపాల గురించి ప్రశ్నలు వస్తూనే ఉంటాయి గానీ, తెర మీద ఏది కనిపించకూడదని అడిగినవారు అరుదు. మీ వీడియోకు అన్నిటికన్నా పెద్ద ప్రమాదం అక్కడే ఉంది కాబట్టి దాని గురించి కాస్త వివరంగా చెబుతాను.

టెలిగ్రామ్‌లో కొత్త బాట్‌లను నమోదు చేసే బాట్‌ఫాదర్ ఇచ్చే టోకెన్ ఎవరి చేతిలో ఉంటే బాట్ వారిదే. దానికి వేరే పాస్‌వర్డ్ లేదు, ఓటీపీ లేదు. దాన్ని కోడ్‌లో రాయకూడదని మీకు తెలిసే ఉంటుంది, `os.environ["BOT_TOKEN"]` అని బయటి నుంచి తెచ్చుకునే ఉంటారు. అయినా అది తెర మీదికి వస్తుంది. టెలిగ్రామ్ సర్వర్‌కు వెళ్లే ప్రతి అభ్యర్థనలోనూ టోకెన్ చిరునామాలోనే భాగంగా ఉంటుంది కాబట్టి, చిరునామాను అచ్చువేసేది ఏదైనా టోకెన్‌ను కూడా అచ్చువేస్తుంది. మీరు python-telegram-bot లైబ్రరీ వాడుతుంటే, అది లోపల httpx అనే లైబ్రరీ ద్వారా సర్వర్‌తో మాట్లాడుతుంది. ఆ httpx తాను పంపిన ప్రతి అభ్యర్థన చిరునామానూ సమాచార స్థాయి లాగ్‌లో పూర్తిగా రాస్తుంది. మొదటి చాప్టర్లలో లాగింగ్ పెట్టరు గనుక ఏమీ కనిపించదు. లాగింగ్ నేర్పే చాప్టర్‌లో మాత్రం, ఒక్కో లైన్ చూపి, నడిపి, ఫలితం చూపాలనే మంచి అలవాటే మిమ్మల్ని ముంచుతుంది. మొదటి లైన్ చూపించి ప్రోగ్రామ్ నడిపిన మరుక్షణం టెర్మినల్‌లో టోకెన్‌తో కూడిన చిరునామాలు బారులు తీరతాయి, బాట్ కొత్త సందేశాల కోసం అడుగుతున్నంతసేపూ కొన్ని సెకన్లకొకటి చొప్పున వస్తూనే ఉంటాయి. దాన్ని ఆపే లైన్ మీ స్క్రిప్ట్‌లో రెండు నిమిషాల తరువాత ఉంటుంది. చూసేవారు ఒక్క ఫ్రేమ్ దగ్గర ఆపితే చాలు.

ఆ చోటును నేనైతే ఇలా రాస్తాను:

సూచన 4-07
మాట: “బాట్ లోపల ఏం జరుగుతోందో మనకు తెలియాలంటే లాగింగ్ పెట్టుకోవాలి. అదే సమయంలో మన టోకెన్ లాగ్‌లో పడకుండా చూసుకోవాలి. ▲”
తెర: ఎడిటర్ విండో ఒక్కటే. bot.py తెరిచి ఉంటుంది, కర్సర్ `import logging` తో సహా `import` లైన్లన్నిటి కింద. టెర్మినల్ కనిపించకూడదు.
కోడ్: ▲ దగ్గర రెండు లైన్లూ కలిసి. మొదటి లైన్ ఒక్కటే ఉండగా నడపకూడదు.
మౌనం: ఆరు సెకన్లు. తరువాత రెండో లైన్‌ను వెలిగించి వివరణ.

```python
logging.basicConfig(level=logging.INFO)
logging.getLogger("httpx").setLevel(logging.WARNING)
```

కోడ్ చూపే వేళను బోధన మాత్రమే నిర్ణయిస్తుందనుకుంటే పొరపాటు. ఇక్కడ భద్రత నిర్ణయించింది. ఇటువంటి చోట్లు మీ స్క్రిప్ట్‌లో ఇంకా ఉన్నాయి. ఏమేమి వస్తున్నాయో చూపుదామని `print(update)` రాస్తే, బాట్‌ను పరీక్షించడానికి సందేశం పంపిన మీ స్నేహితుడి పేరు, యూజర్‌నేమ్, ఐడీ సంఖ్య అన్నీ తెర మీద పడతాయి. నెట్ తెగినప్పుడు ఏమవుతుందో చూపాలని requests లైబ్రరీతో రాసిన ఉదాహరణను కావాలని విఫలం చేస్తే, ఆ తప్పు సందేశంలో కూడా `/bot` తరువాత టోకెన్ ఉంటుంది. టెర్మినల్‌లో పైబాణం నొక్కి పాత ఆదేశం కోసం వెతుకుతుంటే, నిన్న టోకెన్‌తో సహా టైపు చేసిన `export` లైన్ ఒక క్షణం కనిపించి పోతుంది. ఇవన్నీ స్క్రిప్ట్ చదువుతూ ముందుగానే పట్టుకోవచ్చు. ప్రతి “నడపండి” అన్న సూచన దగ్గర, అది విజయవంతమైతే ఏం అచ్చవుతుంది, విఫలమైతే ఏం అచ్చవుతుంది అని రెండు ప్రశ్నలు వేసుకుంటే సరిపోతుంది.

పొరపాటున పడితే తరువాత బ్లర్ చేసుకుందామని అనుకోకండి. అక్షరాలను గళ్లుగా మార్చి దాచిన చోట అసలు అక్షరాలను తిరిగి ఊహించే పనిముట్లు ఉన్నాయి. దాచాలంటే నల్లటి పట్టీ వేయాలి. అంతకంటే మేలైన పని, ఆ వీడియో కోసమే ఒక ప్రత్యేక బాట్ తీసుకుని, రికార్డింగ్ అంతా ముగిశాక దాని టోకెన్‌ను రద్దు చేయడం.

టోకెన్‌ను రద్దు చేయవచ్చు గానీ బ్యాంకు నుంచి వచ్చిన సందేశాన్ని రద్దు చేయలేము. తెర మొత్తాన్ని పట్టుకోవడమే మొదటి ఎంపికగా పెట్టే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ మీదా, ఫోన్‌కు వచ్చిన ప్రతి సందేశాన్నీ అడగకుండానే ల్యాప్‌టాప్ మూలన చూపే కొత్త సౌకర్యాల మీదా నాకు చాలాకాలంగా గుర్రు ఉంది. “అంతరాయం వద్దు” అన్న మీటను మనం నొక్కి పెట్టుకుంటే, ఏదో అప్‌డేట్ వచ్చి దాన్ని నిశ్శబ్దంగా మొదటి స్థితికి మార్చేస్తుంది. తయారు చేసినవారికి ఇది చిన్న విషయం. ఓటీపీ, ఖాతా నిల్వ, ఇంటి చిరునామా వేలమంది ముందు తేలినవారికి కాదు. ఈ మీటలను నమ్మడం మానేసి, కంప్యూటర్‌లో రికార్డింగ్ కోసమే వేరొక యూజర్ ఖాతా తెరవండి. అందులో మీ మెయిల్ ఉండకూడదు, ఫోన్‌ను జతచేయకూడదు, బ్రౌజర్‌లో పాస్‌వర్డ్‌లు ఉండకూడదు. టెలిగ్రామ్‌లో కూడా మీ సొంత ఖాతా వద్దు, ఎడమ వరసలో మీ బంధుమిత్రుల పేర్లన్నీ కనిపిస్తాయి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెర మొత్తాన్ని కాక ఎడిటర్, టెర్మినల్ విండోలను విడివిడిగా పట్టుకునేలా పెట్టుకోండి.

ఇక చాప్టర్ల సంగతి. చాప్టర్‌ను చూసేవారి సౌకర్యం కోసం చేసిన విభజనగా కాక, విడిగా మళ్లీ రికార్డ్ చేయగలిగిన ముక్కగా చూడండి. అందుకు ప్రతి చాప్టర్ ఏ స్థితిలో మొదలవుతుందో స్క్రిప్ట్ తలలోనే రాసి, ఆ స్థితిని గిట్‌లో `ch04-start` వంటి పేరుతో ఒక ట్యాగ్‌గా దాచుకోవాలి. నాలుగో చాప్టర్ తీసేముందు ఈ ఆదేశం ఇస్తే, గిట్‌లో దాచని మార్పులు తుడిచిపెట్టుకుపోయి, కోడ్ సరిగ్గా అది మొదలవ్వాల్సిన చోటికి వచ్చి నిలబడుతుంది:

```
git switch --discard-changes --detach ch04-start
```

ఇది లేకపోతే, మధ్యలో ఒక తప్పు దొర్లినప్పుడు ఫైల్‌ను చేత్తో వెనక్కి మార్చుకుంటూ పోతారు, చివరికి అయిదో చాప్టర్‌లో కనిపించే కోడ్‌లో నాలుగో చాప్టర్‌లో ఎక్కడా చెప్పని లైన్ ఒకటి ప్రత్యక్షమవుతుంది. అది ఎక్కడినుంచి వచ్చిందని వ్యాఖ్యల్లో అడుగుతూనే ఉంటారు. లైబ్రరీ వెర్షన్‌ను కూడా `requirements.txt` లో సంఖ్యతో సహా బిగించండి. python-telegram-bot లైబ్రరీయే 20వ వెర్షన్ దగ్గర `async` పద్ధతికి మారినప్పుడు, అంతకుముందు తీసిన ట్యుటోరియళ్లలోని `Updater(token, use_context=True)` ఒక్కసారిగా పనిచేయడం మానేసింది. వెర్షన్ చెప్పని వీడియోల కింద అదే ఫిర్యాదు ఇప్పటికీ కనిపిస్తుంది. పైగా యూట్యూబ్‌లో పెట్టిన వీడియో ఫైల్‌ను అదే లింకు కింద కొత్తదానితో మార్చే వీలు లేదు, కత్తిరించగలరు, మసకబార్చగలరు, అంతే. మూడు గంటలు ఒకే ఫైల్‌గా పెడితే ఒక చాప్టర్ పాతబడినా మొత్తం మళ్లీ ఎక్కించాలి. అందుకే చాప్టర్లను విడి వీడియోలుగా ప్లేలిస్ట్‌లో పెట్టడమే మేలని నా అభిప్రాయం.

అన్ని చాప్టర్లూ, తిరిగి తీయాల్సిన ముక్కలతో సహా, పూర్తయ్యాకే బాట్‌ఫాదర్‌కు `/revoke` పంపండి. మధ్యలో పంపితే మిగిలిన చాప్టర్లకు కొత్త టోకెన్ పెట్టుకోవాల్సి వస్తుంది. పంపాక పాత టోకెన్‌తోనే ప్రోగ్రామ్‌ను ఒకసారి నడిపి చూడండి. `InvalidToken` అన్న తప్పు వస్తే రద్దు నిజంగా జరిగినట్టే, అప్పుడు అప్‌లోడ్ మీట నొక్కవచ్చు.