మాత్ర మొదలుపెట్టిన తొమ్మిదో రోజు

"మాది చిత్తూరు దగ్గర పల్లె. పోయినేడాది మామిడి ధర పడిపోయి అప్పు మిగిలింది. ఈసారి ధర బాగున్నా మా ఆయన రెండు నెలలుగా తోట వైపు వెళ్లడం లేదు. తెల్లవారుజామున మూడింటికే లేచి గోడ వైపు చూస్తూ కూర్చుంటారు. తిరుపతిలో మానసిక వైద్యుడు ఎస్సిటాలోప్రామ్ రాశారు, వారం పాటు 5 మిల్లీగ్రాములు, తర్వాత 10. తొమ్మిది రోజులైంది. గుణం లేదు సరికదా, వికారం మొదలైంది. అప్పు బాధకు మాత్రలేమిటి, మానేయమంటున్నారు మా అత్తగారు. ఏం చేయను?"

మానేయనివ్వకండి. మీ అత్తగారన్నదీ కొంత నిజమే, అప్పుకు మాత్ర లేదు. పోయినేడాది మీ ఆయన పడింది మామూలు బాధే అయి ఉంటుంది. బాధలో ఉన్నవాడు పగలు లెక్కలు చూసి కుమిలిపోయినా, సాయంత్రం పిల్లల మాటకు నవ్వుతాడు. ధర పెరిగితే తేలికపడతాడు. డిప్రెషన్ ఒక కారణంతో మొదలైనా తర్వాత ఆ కారణంతో పని లేకుండా సాగిపోతుంది. మంచి ధర కూడా ఆయనను కదిలించలేదంటే అందుకే. రెండు వారాలకు మించి దాదాపు రోజంతా ఇలాగే ఉంటే వైద్యులు దాన్ని జబ్బుగానే చూస్తారు.

ఇక మాత్ర సంగతి. మెదడులో ఒక నాడీకణం పక్క కణానికి కబురు అందించే సెరటోనిన్ అనే రసాయనాన్ని విడుదల చేసి, పని కాగానే తిరిగి పీల్చుకుంటుంది. ఈ మందు ఆ పీల్చుకోవడాన్ని మొదటి రోజే అడ్డుకుంటుంది. కానీ ఆ కణానికి ఒక కాపలా ఉంది. బయట సెరటోనిన్ పెరిగిందని పసిగట్టగానే విడుదల తగ్గించేస్తుంది. ఆ కాపలా సడలడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఆపైన కణాల మధ్య అల్లికలు మారాలి, అది ఇంకా నిదానం. ఆలస్యానికి ఇదొక్కటే కారణమని పరిశోధకులు తేల్చలేదు గానీ, ఇప్పటికి ఎక్కువగా చెప్పే వివరణ ఇదే. శరీరంలోని సెరటోనిన్‌లో అధికభాగం పేగుల్లోనే ఉంటుంది కనుక ముందు తిరగబడేది కడుపు. అన్నం తిన్నాక వేసుకుంటే కొంత నయం. మామూలుగా ఒకటి రెండు వారాల్లో తగ్గుతుంది.

చాలామందిలో ముందు కుదుటపడేవి నిద్ర, ఆకలి. ఉత్సాహం ఆఖరున వస్తుంది. ఆయన "ఏమీ మారలేదు" అంటూనే ఉంటారు, మూడింటికి కాక ఐదింటికి లేచిన రోజు మాత్రం మీ కంట పడుతుంది. దాన్ని క్యాలెండర్‌లో గుర్తు పెట్టండి. నాలుగు వారాలకూ అలాంటి గుర్తు ఒక్కటీ లేకపోతే డాక్టర్ మోతాదైనా, మందైనా మారుస్తారు.

ఒక్క విషయంలో మాత్రం భయపడాలి. కొందరికి మనసు తేరుకోకముందే ఒంట్లో ఓపిక వస్తుంది. తోటకు కొట్టే పురుగుమందు డబ్బాలు ఈ రోజే ఇంట్లోంచి తీసి, వేరేవాళ్ల దగ్గర తాళం వేయించండి. చావు మాట ఎత్తినా, నిద్ర లేకుండానే విపరీతమైన హుషారు కనిపించినా వెంటనే డాక్టర్‌ను కలవండి. రాత్రివేళైతే 14416కు ఫోన్ చేయండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు.

మూడో నెలలో ఆయనే "బాగైపోయాను" అని మాత్రలు పక్కన పెట్టబోతారు. ఒక్కసారిగా ఆపితే తల తిరగొచ్చు, ఒంట్లో కరెంటు కొట్టినట్టు ఉండొచ్చు. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడి, డాక్టర్ చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాలి.