స్పెషల్స్ బోర్డు మీద సోరెల్‌ని గోంగూర అని రాయొచ్చా?

"మా రెస్టారెంట్‌లో రోజూ స్పెషల్స్ బోర్డు రాసేది నేనే. షెఫ్ ఇచ్చే లిస్టులో సీజన్‌ని బట్టి కొత్త కొత్త ఆకులు, దుంపలు వస్తుంటాయి. వాటిని తెలుగులో ఏమని రాయాలో, వెయిటర్లతో టేబుల్ దగ్గర ఏమని చెప్పించాలో తేలడం లేదు. ఈ వారం సోరెల్ సాస్‌తో సాల్మన్ పెడుతున్నారు. నిఘంటువులో గోంగూర అని ఉంది. అలాగే రాసెయ్యనా?"

రాయకండి. మీకు వచ్చిన సోరెల్, మన గోంగూర వేరువేరు మొక్కలు. రెండూ పుల్లగా ఉంటాయన్నది తప్ప వాటికి చుట్టరికం లేదు. సోరెల్‌ది రూమెక్స్ అనే ప్రజాతి, మన చుక్కకూరదీ అదే. గోంగూర హైబిస్కస్, అంటే మందార వైపు మొక్క. మీ నిఘంటువులో ఆ తప్పు ఎలా దూరిందో చెప్పొచ్చు. గోంగూర రకాల్లో ఒకదానికి ఇంగ్లిష్‌లో రెడ్ సోరెల్ అనే పేరు కూడా ఉంది. కరీబియన్ దీవుల్లోనైతే సోరెల్ అంటే ఆకే కాదు. ఆ మొక్కకి పువ్వు రాలాక కాయని కప్పి ఉండే కండగల ఎర్రటి రక్షక పత్రాలు, వాటితో చేసే పానీయం. కాబట్టి మీ బార్ వాళ్లు ఎండిన ఎర్రటి సోరెల్ తెప్పించి పానకం లాంటిది చేస్తే దాన్ని గోంగూర జాతి అనడం సబబే. చేప సాస్‌లోకి వచ్చిన పచ్చి ఆకుని అలా అనకూడదు.

పేరు రాసే ముందు సరుకుని కళ్లారా చూడండి. సోరెల్ ఆకు పొడుగ్గా, మెత్తగా ఉంటుంది. కాడ దగ్గర రెండు కొనలు బాణం ములికిలా వెనక్కి తిరిగి ఉంటాయి. గోంగూర ఆకు చేతివేళ్లలా చీలి, అంచున చిన్న చిన్న పళ్లతో ఉంటుంది. పక్కపక్కన పెడితే ఎవరూ పొరబడరు. ఆకు చూసే వీలు లేకపోతే సప్లయర్‌ని శాస్త్రీయ నామం అడగండి. నేను హాల్ బాధ్యత తీసుకున్న ప్రతి చోటా కొత్త పేరు లిస్టులోకి రాగానే మొదట చేసే పని అదే. సరుకు బిల్లులో ఉండేది వ్యాపారపు పేరు. అది ఊరిని బట్టి, దేశాన్ని బట్టి మారుతుంది.

మరి బోర్డు మీద ఏం రాయాలి? నేను మూడు దారుల్లో ఒకటి ఎంచుకుంటాను. అదే సరుకుకి తెలుగు పేరు ఉంటే తెలుగు పేరే రాస్తాను. స్వీట్ పొటాటోకి చిలగడదుంప ఉండగా ఇంకో పేరెందుకు. తెలుగులో దగ్గరి బంధువు మాత్రమే ఉంటే అసలు పేరు ఉంచి, కింద బంధువు పేరు చెప్తాను. అసలేమీ లేకపోతే పేరు తెలుగు లిపిలో రాసి, రుచి ఎలా ఉంటుందో నాలుగు మాటల్లో చెప్తాను. సోరెల్ రెండో దారిది. చుక్కకూర అని నేరుగా రాసినా పూర్తిగా సరికాదు. ఒకే ప్రజాతిలో అవి వేరు మొక్కలు, చుక్కకూర కోసం వచ్చినవాళ్లకి తేడా తెలుస్తుంది. నేనైతే ఇలా రాస్తాను:

సాల్మన్ చేప, సోరెల్ సాస్
సోరెల్: చుక్కకూర జాతి ఆకు, నిమ్మ పులుపు
ఉన్నవి: చేప, మీగడ, వెన్న, వైట్ వైన్

రెండో లైను ఉత్త వివరణ కాదు. సోరెల్ పులుపు ఆక్సాలిక్ ఆమ్లం వల్ల వస్తుంది. కిడ్నీ రాళ్ల బాధ ఉన్నవాళ్లలో కొందరికి డాక్టర్లు పాలకూర, చుక్కకూర తగ్గించమని చెప్తారు. బోర్డు మీద చుక్కకూర అన్న మాట కనిపిస్తే వాళ్లకి వాళ్లే చూసుకుంటారు. గోంగూర అని రాస్తే ఆ సంగతి తట్టకపోవచ్చు. మూడో లైనులో వైన్ కూడా ఉండాలి. ఈ సాస్ మామూలుగా వైట్ వైన్ మరిగించి చేస్తారు, మందు ముట్టనివాళ్లు తినే ముందే తెలుసుకోవాలి. మీ షెఫ్ వైన్ వాడకపోతే తీసేయండి.

ఇక వెయిటర్లు చెప్పే మాట. బోర్డుని చదివి వినిపిస్తే అతిథికి ఏమీ అందదు, ఎందుకంటే అది ఆయన ఎదురుగానే ఉంది. నోటితో చెప్పేటప్పుడు ముందు ప్రధానమైనది రావాలి, తర్వాత ఎలా వండారో, ఆ తర్వాత తెలియని సరుకు రుచి, చివర్లో పడనివాటి సంగతి. మా పిల్లలకి నేను నేర్పేది ఇలా ఉంటుంది:

"ఇవాళ సాల్మన్ చేప ఉందండి. చర్మం కరకరలాడేలా వేయించి, కింద సోరెల్ ఆకుతో చేసిన మీగడ సాస్ పోస్తున్నాం. సోరెల్ మన చుక్కకూరకి దగ్గరి చుట్టం, నిమ్మకాయ పిండినట్టు సన్నటి పులుపు ఉంటుంది. సాస్‌లో మీగడ, వెన్న, కొంచెం వైట్ వైన్ ఉన్నాయి. మీకు పడనివి ఏమైనా ఉంటే చెప్పండి, వంటింట్లో చెప్తాను."

మామూలు వేగంతో చెప్తే పావు నిమిషం పైచిలుకు. అంతకంటే పొడుగైతే టేబుల్ దగ్గర చూపులు ఫోన్ల మీదికి పోతాయి. దీన్ని బట్టీ పట్టించకండి. వరసా, పేరూ, ఉన్న పదార్థాలూ మారకూడదు, మిగతా మాటలు ఎవరివి వాళ్లవే. బట్టీ పట్టిన వెయిటర్‌ని మధ్యలో ఒక ప్రశ్న అడిగితే మళ్లీ మొదటి నుంచి అందుకుంటాడు.

అడిగే ప్రశ్న కూడా దాదాపు ముందే తెలుసు. "ఆకుకూర అన్నారు, సాస్ పచ్చగా లేదేంటి?" సోరెల్‌లో ఉన్న ఆమ్లం వేడికి ఆకు పచ్చదనాన్ని విరిచేస్తుంది, నిమిషంలోనే ఆకు కరిగి ఆలివ్ రంగుకి మారిపోతుంది. అందుకే కొందరు షెఫ్‌లు ఆకుని చివరి క్షణంలో వేస్తారు, అయినా రంగు పూర్తిగా నిలవదు. ఈ సంగతి తెలిసిన వెయిటర్ "ఆకు పుల్లనిదండి, వేడికి రంగు మారడం దాని గుణం" అని నిమ్మళంగా చెప్తాడు. తెలియనివాడు ప్లేటు వెనక్కి పట్టుకెళ్తాడు. సర్వీసుకి ముందు అందరికీ ఒక పచ్చి ఆకు, ఒక చెంచా సాస్ రుచి చూపించండి. నోట్లో పెట్టుకున్న రుచిని చెప్పడం వేరు, కాగితం మీది రుచిని చెప్పడం వేరు. వినేవాళ్లకి ఆ తేడా ఇట్టే తెలిసిపోతుంది.

పేరు తప్పితే రుచే కాదు, ప్రాణం మీదికి వచ్చే సరుకులూ ఉన్నాయి. వాటిలో నేను ఎక్కువ జాగ్రత్త పడేది సెలెరియాక్ విషయంలో. చలికాలంలో వచ్చే గరుకు దుంప, సూపుల్లోకీ ప్యూరీల్లోకీ వాడతారు. నేను పనిచేసిన ఒక చోట దాన్ని బోర్డు మీద "తెల్ల దుంప ప్యూరీ" అని రాసేవారు, అతిథులు అడిగితే వెయిటర్లు "ముల్లంగి లాంటిదండి" అనేవారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ సెలెరియాక్ సెలెరీ మొక్కలోని ఒక రకం, దాని దుంప. ముల్లంగికీ దానికీ సంబంధం లేదు. సెలెరీ పడనివాళ్లకి ఇదీ పడకపోవచ్చు, ఆ అలర్జీ తీవ్రంగానూ ఉండొచ్చు. యూరోపియన్ యూనియన్ 1169/2011 నిబంధన ప్రకారం తప్పక తెలపాల్సిన 14 అలర్జీ పదార్థాల్లో సెలెరీ ఉంది. అమెరికా చట్టంలోని తొమ్మిదింటిలో లేదు. కాబట్టి అక్కడి పట్టిక గోడకి అంటించుకున్నవాళ్లు దీన్ని వదిలేసే ప్రమాదం ఉంది. బోర్డు మీద "సెలెరీ దుంప" అని రాయండి. అందం తక్కువైనా ఆ మాటలోనే హెచ్చరిక ఉంది. తెలిసిన కూరతో పోల్చి చెప్పాలని వెయిటర్లకి ఉంటుంది, అది మంచి అలవాటే. పోలిక రుచికి మాత్రమే పెట్టమనండి, "ముల్లంగి లాంటిది" బదులు "సెలెరీ దుంప, నమిలితే కొత్తిమీర కాడలకి దగ్గరి వాసన" అనమనండి.

యామ్ అని వచ్చినప్పుడు కూడా ఆగి చూడండి. నిఘంటువు కంద అంటుంది. అమెరికా మార్కెట్‌లో నారింజ రంగు చిలగడదుంపని యామ్ పేరుతో అమ్మడం మామూలే, అక్కడి పుస్తకం చూసి వండే షెఫ్ కూడా అదే రాసిస్తాడు. కంద సరిగా ఉడక్కపోతే గొంతు దురద పెడుతుందని తెలిసినవాళ్లు ఆ పేరు చూసి తీయటి, మెత్తటి చిలగడదుంప వంటకాన్ని వదిలేసుకుంటారు. కోసి చూడండి, అనుమానం తీరకపోతే ఇక్కడా శాస్త్రీయ నామం అడగండి. షాలట్ కూడా ఇలాంటిదే. చాలా చోట్ల అది చిన్న ఉల్లిగడ్డ, ఆస్ట్రేలియాలో కొన్ని ప్రాంతాల్లో ఉల్లికాడల్ని అలా అంటారు.

వీటన్నిటికీ ఒక నోటుబుక్కు పెట్టుకోండి. సరుకుకి ఒక పేజీ చాలు. బిల్లులో ఉన్న పేరు, శాస్త్రీయ నామం, ఒక ఫొటో, బోర్డు మీద రాసే పేరు, వెయిటర్ చెప్పే ఒక వాక్యం, పడనివాళ్ల సంగతి. వచ్చే ఏడాది అదే సీజన్‌లో అదే ఆకు మళ్లీ వస్తుంది. అప్పటికి మీ వెయిటర్లలో సగం మంది కొత్తవాళ్లు కావచ్చు.

చివరగా, మీరు అడగకపోయినా చెప్పాల్సింది ఒకటుంది. సోరెల్ లేత ఆకు వసంతంలో, వేసవి మొదట్లో బాగుంటుంది, ఒక్కోసారి సర్వీసు మధ్యలోనే అయిపోతుంది. అప్పుడు వంటింట్లో పాలకూర, నిమ్మరసం కలిపి అదే సాస్ నడిపిస్తారు. రుచి దగ్గరగానే వస్తుంది, కానీ అది సోరెల్ కాదు. ఆకు మారిన మరుక్షణం మీకు కబురు రావాలని షెఫ్‌తో ముందే మాట్లాడుకోండి. కబురు రాగానే బోర్డు మీద ఆ రెండు లైన్లు తుడిచి "సాల్మన్ చేప, పాలకూర నిమ్మ సాస్" అని రాయండి, టేబుళ్ల దగ్గరున్న వెయిటర్లని ఒక్కొక్కరినీ పిలిచి చెప్పండి. అప్పటికే ఆర్డర్ ఇచ్చి ఎదురుచూస్తున్నవాళ్లకి ప్లేటు పెట్టే ముందే చెప్పించండి, వద్దంటే వేరేది తీసుకోనివ్వండి.