పీచుతో రుద్దితే మెడ ఇంకా నల్లబడుతుంది

ప్రశ్న: మా పాపకు 9 ఏళ్లు, నాలుగో తరగతి. బడిలో పిల్లలు ‘బొగ్గు’ అని పిలుస్తున్నారట. రోజూ స్నానంలో పీచుతో మెడ, మోచేతులు గట్టిగా రుద్దుకుంటోంది. మెడ ఇంకా నల్లబడింది. మెడికల్ షాపులో ఇచ్చిన ఒక ట్యూబు రెండు వారాలుగా ముఖానికి రాస్తున్నాను. కాస్త తేటపడింది. కొనసాగించవచ్చా? – ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: వద్దండీ. ట్యూబు ఈ రోజే ఆపి, దాని వెనక ఏం రాసి ఉందో చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ అనే పేర్లలో ఏది కనిపించినా అది స్టెరాయిడ్. అది రాసిన చోట రక్తనాళాలు ముడుచుకుంటాయి, రంగు తయారీ మందగిస్తుంది. మీకు కనిపించిన తేట అదే. ఆ తర్వాత చర్మం పలచబడుతుంది, ఎర్రటి నరాలు తేలతాయి, మొటిమలు, నూగు వెంట్రుకలు వస్తాయి. పిల్లల చర్మంలోకి మందు ఎక్కువగా ఇంకుతుంది కాబట్టి వాళ్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. రెండు వారాలే వాడారు కాబట్టి ఆపినా సాధారణంగా ఇబ్బంది ఉండదు. నెలల తరబడి రాసినవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా ఒక్కసారిగా మానేస్తే ముఖం ఎర్రగా మండిపోతుంది.

మీ ఉత్తరం చదువుతుంటే, ఒక వేసవిలో మా క్లినిక్‌కు నాయనమ్మతో వచ్చిన మూడో తరగతి బాబు గుర్తొచ్చాడు. వాడి మెడ వెనక, మోచేతుల మీద గీరుకుపోయిన చారలు. స్కూలు వ్యాన్‌లో ‘కాకి’ అంటున్నారని గిన్నెలు తోమే పీచు తీసుకెళ్లి బాత్రూంలో తలుపు వేసుకున్నాడట. ‘‘రంగు పోయే మందు రాయండి’’ అని నన్ను వాడే అడిగాడు. నేను మెలనిన్ గురించి పాఠం మొదలుపెట్టాను. వాడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

నాయనమ్మ నన్ను ఆపి, రవిక చేయి పైకి జరిపింది. మోచేతి కింద అరచేయంత తెల్లటి మచ్చ. పెళ్లైన కొత్తలో సంక్రాంతికి సకినాలు వేయిస్తుంటే నూనె చిందిందట.

‘‘ఒరేయ్, ఇది చూడు. నువ్వు కావాలంటున్న తెలుపు నాకు ఇక్కడ ఉంది. నాట్లకు పోతే చేయంతా బాగానే ఉండేది, ఇదొక్కటే ఎర్రగా కాలి పొక్కులెక్కేది. యాభై ఏళ్లుగా కొంగు కప్పి కాపాడుతున్నాను. ఇది కావాలా నీకు?’’

వాడు మచ్చ మీద వేలు పెట్టి, పక్కనున్న నల్లటి చర్మం మీద పెట్టి, మళ్లీ మచ్చ మీద పెట్టాడు. ‘‘ఇప్పుడూ మండుతుందా?’’ అన్నాడు. ‘‘ఎండలోకి వెళ్తే మండుతుంది’’ అంది.

నేను పది నిమిషాలు చెప్పినా ఇంత చెప్పలేను. లోతుగా కాలిన చోట రంగు తయారుచేసే కణాలు చచ్చిపోతాయి. ఆ కణాల సంఖ్య నల్లవారిలోనూ తెల్లవారిలోనూ దాదాపు ఒకటే. అవి తయారుచేసే మెలనిన్ రేణువులు నల్లటి చర్మంలో పెద్దవిగా, ఎక్కువగా ఉంటాయి. అవి ప్రతి కణంలో కేంద్రకం మీద గొడుగులా నిలిచి ఎండ దెబ్బను కొంత ఆపుతాయి. పూర్తిగా ఆపవు కాబట్టి మిట్టమధ్యాహ్నం టోపీ అందరికీ అవసరమే.

ఇక మెడ సంగతి. రాపిడి తగిలితే చర్మం తనను కాపాడుకోవడానికి ఇంకా రంగు పోస్తుంది, కాస్త మందంగానూ అవుతుంది. నల్లబడిందని మళ్లీ రుద్దితే మళ్లీ నల్లబడుతుంది. పీచు తీసేయండి, చేత్తో సబ్బు నురుగు చాలు. స్నానం కాగానే కొబ్బరినూనె పలచగా రాయండి. సున్నిపిండిని నేను తప్పుపట్టను, దాన్ని రుద్దే చేతిని తప్పుపడతాను. ఆ బాబుకు చారలు పది రోజుల్లో మానాయి, నలుపు తగ్గడానికి నాలుగు నెలలు పట్టింది.

ఒకటి మాత్రం చూడండి. మెడ మడతల్లో చర్మం మఖమల్‌లా మందంగా, ముడతలుగా ఉండి, చంకల్లోనూ అలాగే ఉంటే అది రాపిడి కాకపోవచ్చు. బరువు ఎక్కువగా ఉన్న పిల్లల్లో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోతే ఇలా వస్తుంది. దానికి పూత మందు కాదు, రక్త పరీక్ష కావాలి.

నాయనమ్మ మాట పిల్లవాడికి సరిపోయింది, వ్యాన్‌లోని పిల్లలకు సరిపోలేదు. ఆమె మర్నాడు స్కూలుకు వెళ్లి ఏ మాట, ఎవరు, ఏ వేళ అంటున్నారో క్లాసు టీచర్‌కు చెప్పింది. వాడి సీటు డ్రైవర్ వెనక్కి మార్చారు, ఆ ఇద్దరు పిల్లల తల్లిదండ్రులను పిలిపించారు. మీరూ పాపను ‘ఎందుకు ఏడుస్తున్నావు’ అని కాకుండా ‘ఎక్కడ అంటున్నారు, మధ్యాహ్నం భోజనం దగ్గరా, బస్సులోనా’ అని అడగండి. ఇంట్లో ఎవరైనా ‘ఎండలో ఆడితే నల్లబడతావు’ అంటుంటే, ఆ మాట వాళ్లతోనే మాన్పించండి.

రెండు వారాల్లో ముఖం ఎర్రబడినా, మండినా, మొటిమలు వచ్చినా చర్మ వైద్యుడికి చూపించండి. అప్పటిదాకా ట్యూబు పారేయకండి, వెంట తీసుకెళ్లండి.