699 ప్లానుకు 1,055 బిల్లు: ప్రోరేటా లెక్క ఎట్ల సరిచూసుకోవాల

ప్రశ్న: మాది అనంతపురం. 499 పోస్ట్‌పెయిడ్ ప్లాన్‌లో నెలకు 588.82 కట్టేవాణ్ణి. ఆగస్టు 21న 699కి మార్చినా. సెప్టెంబరు 5న వచ్చిన బిల్లు చూస్తే 1,055.84! పని మీద వారానికోసారి బెంగళూరు పోయి వస్తుంటా. ఆ రోమింగేమన్నా వేసినారా? బిల్లులో 99 అని ఒక లైను కూడా ఉంది.

జవాబు:

రోమింగ్ కాదన్నా. ఇప్పుడు దొరికే అన్‌లిమిటెడ్ పోస్ట్‌పెయిడ్ ప్లాన్లలో దేశం లోపలి రోమింగ్ ప్లాన్‌లోనే కలిసి ఉంటుంది. కర్ణాటక సరిహద్దు దాటగానే ఫోన్‌లో అక్కడి నెట్‌వర్క్ చూపిస్తుంది, అంతవరకే. హైదరాబాదు పోతే అది కూడా ఉండదు. రాష్ట్రాలు రెండైనా టెలికం వాళ్లకు ఆంధ్ర, తెలంగాణ ఇప్పటికీ ఒకటే సర్కిల్.

మీ బిల్లు పెరిగింది రెండు చోట్ల. ఒకటి ప్లాన్‌ను నెల మధ్యలో మార్చడం, రెండోది ఆ 99. మొదటిదాన్ని తీరిగ్గా చూద్దాం, ఎక్కువ మంది తికమకపడేది అక్కడే.

మీ బిల్లు తేదీ 5. అంటే ఒక సైకిల్ 5 నుంచి వచ్చే నెల 4 దాకా. మీ కంపెనీ రెంటల్ ముందుగానే వసూలు చేసే రకం అనిపిస్తోంది, అంకెలు అట్లనే కలుస్తున్నాయి. ఆగస్టు 5 బిల్లులోనే సెప్టెంబరు 4 దాకా 499 వేసేసినారు. మీరు 21న మార్చినారు కాబట్టి పాత ప్లాన్ 16 రోజులే వాడినట్టు. మిగిలిన 15 రోజుల డబ్బు మీకు తిరిగి రావాల, ఆ 15 రోజులకు కొత్త ప్లాన్ డబ్బు మీరు ఇవ్వాల. దీన్నే ప్రోరేటా అంటారు. ఆ సైకిల్‌లో 31 రోజులున్నాయి కాబట్టి లెక్క ఇట్ల వస్తుంది:

```
699 × 15 / 31          =   338.23   (ఆగస్టు 21 - సెప్టెంబరు 4, కొత్త ప్లాన్)
499 × 15 / 31          = - 241.45   (అవే రోజులకు పాత ప్లాన్ వాపసు)
సెప్టెంబరు 5 - అక్టోబరు 4 =   699.00   (ముందస్తు రెంటల్)
యాడ్ఆన్                =    99.00
మొత్తం                  =   894.78
CGST 9%                =    80.53
SGST 9%                =    80.53
కట్టాల్సింది             =  1055.84
```

పైసాతో సహా కలిసింది. అంటే ప్లాన్ మార్చినందుకు మీకు ఎక్కువ పడింది 96.78, దాని మీద పన్నుతో 114.20. ఇది ఒక్కసారే పడేది, దాంట్లో మోసమేమీ లేదు. ఆ 15 రోజులు మీరు పెద్ద ప్లాన్ వాడినారు, రెండు ప్లాన్ల తేడా కట్టినారు. వచ్చే నెల యాడ్ఆన్ తీసేస్తే 699 మీద 18 శాతం కలిపి 824.82 రావాల. అంతకంటే ఎక్కువొస్తే అప్పుడు అడగాల్సిందే.

బిల్లులో ముందుగా చూడాల్సింది మైనస్ గుర్తున్న లైను. కొన్ని బిల్లుల్లో దాన్ని అడ్జస్ట్‌మెంట్ అని, కొన్నింట్లో క్రెడిట్ అని వేస్తారు. కొత్త ప్లాన్ 338.23 వేసి, ఈ 241.45 వాపసు లైను మరచిపోతే అది నిజంగా తప్పుడు బిల్లే. పన్నుతో కలిపి 284.91 మీ జేబు నుంచి పోయినట్టు. ఆ వాపసు పన్నుకు ముందే తీసేసినారా అన్నది కూడా చూడండి. తీసేసిన తర్వాత మిగిలిన మొత్తం మీదే 18 శాతం పడాల. ఇంకోటి, పాత బాకీ ఏదన్నా ఉంటే అది బిల్లులో వేరే లైనుగా కలుస్తుంది. దాని మీద పన్ను అప్పుడే కట్టించుకున్నారు కాబట్టి మళ్లీ పడకూడదు.

కొన్ని కంపెనీలు రెంటల్‌ను నెల అయినాక వేస్తాయి. వాళ్ల బిల్లులో వాపసు లైను ఉండదు. పాత ప్లాన్ 16 రోజులకు 257.55, కొత్తది 15 రోజులకు 338.23 అని మాత్రమే ఉంటుంది. మీది ఏ రకమో తెలియాలంటే బిల్లులో రెంటల్ లైను పక్కనుండే తేదీలు చూడండి. అవి బిల్లు తేదీ తర్వాతి రోజులైతే ముందస్తు రకం.

డబ్బు లెక్క అయింది, డేటా సంగతి చాలామందికి తట్టదు. నెల మధ్యలో మారిస్తే డేటా కోటాను కూడా రోజుల లెక్కన కోసే ప్లాన్లున్నాయి. నెలకు 40 జీబీ ఉన్న పాత ప్లాన్‌లో 16 రోజులకు మీ వాటా సుమారు 20.6 జీబీ. అప్పటికే 30 జీబీ వాడేసుంటే ఆ వాటా దాటి వాడింది అదనపు వాడకం కింద పడొచ్చు. ఎంబీకి 2 పైసలనే రేటు చూడ్డానికి చిన్నదే, కానీ జీబీకి 20 రూపాయల పైనే అవుతుంది. అందుకే ప్లాన్ మార్చేటప్పుడు యాప్‌లో ‘వచ్చే బిల్లు తేదీ నుంచి’ అనే ఎంపిక ఉంటే అదే నొక్కండి. కోటా కోతా ఉండదు, ప్రోరేటా గొడవా ఉండదు.

ఇక ఆ 99. దాని పేరు, మొదలైన తేదీ, ప్రతి నెలా తనంతట తనే రెన్యూ అయ్యేదా అన్నది యాప్‌లో యాక్టివ్ ప్యాకుల దగ్గర కనిపిస్తుంది. యాడ్ఆన్‌లకు మామూలుగా ప్రోరేటా ఉండదు, నెల చివర్లో వేసుకున్నా మొత్తం పడుతుంది. మీరు వేసుకున్న డేటా ప్యాక్ అయితే సరే. కాలర్ ట్యూన్, గేముల్లాంటి సర్వీస్ అయితే 155223కి ఫోన్ చేసి ఆపించండి, అన్ని కంపెనీలకూ అదే నంబరు. ఇట్లాంటి సర్వీసులకు మీ నుంచి రెండోసారి కూడా ఒప్పుకోలు తీసుకోవాలని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2013లోనే ఆదేశించింది. కాబట్టి మీరు ఒప్పుకోకుండా మొదలైంటే ఆపించడంతో సరిపెట్టుకోకండి. కంపెనీ ఫిర్యాదుల నంబరు 198కి ఫోన్ చేసి, ఏ తేదీన, ఏ విధంగా నా ఒప్పుకోలు తీసుకున్నారో చూపించండి, లేదంటే వాపసు ఇవ్వండి అని అడిగి, మీ ఫిర్యాదుకు వాళ్లిచ్చే డాకెట్ నంబరు రాసుకోండి. ఊరికే బిల్లెక్కువొచ్చింది అంటే పొద్దుపోయేదాకా ప్లాన్ వివరాలే చదువుతారు. లైను పేరు, మొత్తం, తేదీ చెప్పి అడిగితే మాట దారిలో ఉంటుంది. అక్కడ తేలకపోతే అదే డాకెట్ నంబరుతో కంపెనీ అప్పీలు విభాగానికి పోవచ్చు. వాళ్లు 39 రోజుల్లో తేల్చాల.

రోమింగ్ నిజంగా భయపెట్టేది దేశం దాటినప్పుడే. కడప, రాజంపేట వైపు నుంచి కువైట్ పోయేవాళ్లు ఇండియా నంబరు ఓటీపీల కోసం ఆన్‌లో పెట్టుకుంటారు. అప్పుడు డేటా రోమింగ్ ఆపేసుకోవాల. ప్యాక్ వేసుకున్నా ఆ దేశాల జాబితాలో కువైట్‌తో పాటు మధ్యలో విమానం మారే దేశం కూడా ఉందా చూసుకోవాల. అక్కడి కంపెనీ లెక్కలు ఇక్కడికి ఆలస్యంగా చేరే వీలుంది కాబట్టి, తిరిగొచ్చిన నెల బిల్లులో ఏమీ లేదని ఊరుకోకుండా ఆ తర్వాతి బిల్లు కూడా తెరిచి చూడండి.